మగ్గం పోస్టు మెచ్చుకున్నవాళ్లకు జవాబులు రాశాను: నా అనుభవం

మా బాపు వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. మోకాళ్ల నొప్పులతో మగ్గం దిగి చాలా ఏళ్లయింది. అయినా మగ్గం మాత్రం ముందు గదిలో అలాగే ఉండేది. ఇంటికి మరమ్మతులు పెట్టుకున్నప్పుడు దాన్ని విప్పక తప్పలేదు. విప్పేటప్పుడు కట్టెలన్నీ ఎవరెవరో మోశారు గానీ, పంజాను మాత్రం బాపు ఎవరి చేతికీ ఇవ్వలేదు. పడుగు మధ్యలోకి వేసిన పేక నూలును కిందికి కొట్టి బిగించడానికి వాడే ఇనుప పళ్ల పనిముట్టే పంజా. పట్టుకునే చోట అది బాపు అరచేతికి తగ్గట్టు అరిగిపోయి ఉంది. పంజా పట్టుకున్న ఆ చేతి ఫోటో పెట్టి, మగ్గం విప్పిన పూట ఇంట్లో ఎలా గడిచిందో ఫేస్‌బుక్‌లో రాశాను.

తెల్లారేసరికి ఫోన్ నిండిపోయింది. కొత్తవాడ వాళ్లు, మా బడి టీచర్లు, నా దగ్గర చదువుకొని పోయిన పిల్లలు, బతుకుదెరువుకు షోలాపూర్, భివండి వెళ్లి అక్కడే స్థిరపడ్డ మా పద్మశాలి బంధువులు, అసలు ముఖపరిచయమే లేనివాళ్లు, అందరూ రాశారు. కొందరు రెండు ముక్కలు రాశారు, కొందరు తమ ఇంటి కథే రాశారు. చదువుతుంటే కడుపు నిండింది. ఆ వెంటనే టెన్షన్ కూడా మొదలైంది. ఇంతమందికి ఏమని జవాబివ్వాలి?

అందరికీ కలిపి ఒక్కసారే ధన్యవాదాలు చెప్పి వదిలేయొచ్చు. నాకు మనసొప్పలేదు. షోలాపూర్‌లో పొద్దంతా పవర్‌లూమ్ మీద పనిచేసి వచ్చిన మనిషి, రాత్రి కూర్చొని అంత పొడవు రాసి పంపాడు. ఆయనకూ, రెండు చేతుల బొమ్మ పెట్టిన ఆయనకూ ఒకటే మాట పడేస్తే ఏం బాగుంటుంది? పోనీ ఒక్కొక్కరి కింద ఒక్కొక్క ధన్యవాదం పెట్టుకుంటూ పోదామంటే, అది ఇంకా ఇబ్బంది. మన వాడల్లో అందరూ అందరికీ తెలుసు. అక్కాచెల్లెళ్లు రాస్తారు, తోడికోడళ్లు రాస్తారు, ఒకరి కింద ఏముందో ఇంకొకరు చూస్తారు. "మీ అభిమానానికి కృతజ్ఞతలు" అనే ఒకే వాక్యం పది మంది కింద వరుసగా కనిపిస్తే, చదవకుండానే రాసిందని ఎవరికైనా అర్థమవుతుంది. పైగా ఒకే మాటను గబగబా అంటించుకుంటూ పోతే ఫేస్‌బుక్ దాన్ని స్పామ్‌గా లెక్కగట్టి కాసేపు జవాబులు రాయనివ్వకుండా ఆపేసే అవకాశం కూడా ఉంది.

అందుకే మొదటి రోజు ఒక్కరికి కూడా జవాబు రాయలేదు. అన్నీ చదివాను, అంతే. చదవడంలోనూ ఒక సంగతి చూసుకోవాలి. పోస్టు కింద మామూలుగా Most relevant అని ఉంటుంది. అలా ఉంటే అన్నీ కనిపించవు, దాన్ని All comments అని మార్చుకోవాలి. మార్చాక కిందెక్కడో మా చిన్నప్పటి పక్కింటి కాక రాసింది బయటపడింది. చూడకపోయి ఉంటే, "అందరికి రాసింది, నాకు రాయలే" అని ఆయన మనసులో ఉండిపోయేది. అలాగే పోస్టును తమ గోడ మీద పంచుకున్నవాళ్లు కొందరుంటారు. వాళ్ల గోడ మీద వాళ్ల స్నేహితులు మెచ్చుకున్న మాటలు మన పోస్టు కింద కనపడవు. పంచుకున్నవాళ్ల జాబితా తెరిచి ఒక్కొక్కటీ చూడాలి. నేను చూసినంతలో మంచి మాటలు చాలావరకు అక్కడే ఉన్నాయి.

ఇదంతా ఒక పాత నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పేరు, ఆ మనిషి నాకు ఏమవుతారు, పోస్టులో ఏ ముక్కను పట్టుకున్నారు. ఈ మూడో సంగతే అసలు పని. "చాలా బాగుంది" అన్నవాళ్లను పక్కన పెడితే, మిగతా ప్రతి ఒక్కరూ ఏదో ఒక చోట ఆగారు. ఒకరు బాపు చేతి దగ్గర, ఒకరు మగ్గం విప్పేటప్పుడు అమ్మ అన్న మాట దగ్గర, ఒకరు రంగుల దగ్గర, ఇంకొకరు చివరి పేరా దగ్గర. మనిషి ఎక్కడ ఆగాడో అక్కడే అతనికి జవాబు కూడా ఉంటుంది. మెచ్చుకోలు అందరిదీ ఒకటే కావచ్చు, ఆగిన చోటు మాత్రం ఎవరిది వాళ్లదే. జవాబు మెచ్చుకోలుకు ఇస్తే అన్నీ ఒకేలా వస్తాయి. ఆగిన చోటుకు ఇస్తే ఒకేలా రమ్మన్నా రావు.

మరుసటి రోజు సాయంత్రం చాయ్ తాగాక బాపు పక్కన కూర్చొని, వచ్చినవన్నీ ఆయనకు చదివి వినిపించడం మొదలుపెట్టాను. ఆయన పని గురించి వచ్చిన మాటలు ఆయన చెవిన పడాలి కదా అన్నదే నా ఆలోచన. తీరా చదువుతుంటే, జవాబుల్లో రాయాల్సిన సరుకంతా ఆయన నోటి నుంచే వచ్చింది.

పక్కింటి కాక రాసింది ఇది: "మీ బాపు బార్డర్ పట్టిండంటే ఇగ చూసుడే. మంచిగ రాసినవ్ బిడ్డా." చదవగానే బాపు నవ్వి, "ఆడు వాని మగ్గం మీద కూసోని నా చెయ్యే చూసెటోడు. నేనేమో వాని రంగులు చూసెటోన్ని" అన్నాడు. అదే రాశాను. "కాకా, బార్డర్ సంగతి బాపుకు చదివి వినిపించిన. నువ్వు ఆయన చెయ్యి చూసెటోనివట, ఆయన నీ రంగులు చూసెటోడట. మీ ఇద్దరి మగ్గాలు పక్కపక్కనే ఉండేటివని నాకు ఇయ్యాల్నే తెలిసింది." ఇందులో ధన్యవాదం అనే మాటే లేదు. కాకకు అది అక్కర్లేదు కూడా. ఎత్తుకొని తిప్పిన పిల్ల "కృతజ్ఞతలు" అంటే ఆయన దూరం పెట్టిందనుకుంటాడు. ఆ జవాబు కింద ఆయన ఇంకో నాలుగు వాక్యాలు రాశాడు, ఎవరి మగ్గం ఏ గోడకు ఉండేదో సహా.

ఇక్కడ మా దగ్గరి పద్ధతి ఒకటి చెప్పాలి. ఇంటివాళ్లకు, వాడవాళ్లకు నోటితో థ్యాంక్స్ చెప్పే అలవాటు మనకు తక్కువ. వాళ్లకు జవాబంటే, వాళ్లన్న మాటను అందుకొని ఇంకో మాట కలపడమే. పరిచయం లేనివాళ్లకు, బడిలో పెద్దసార్లకు మాత్రం ధన్యవాదం చెప్పకపోతే మర్యాద తప్పినట్టుంటుంది. అందుకే నోట్‌బుక్‌లో వరసలు రాసుకున్నాను. కాక, పెద్దమ్మ, బావ, వదిన, సార్, మేడం, తమ్ముడు. ఈ వరస ఒక్కటి సరిగ్గా కుదిరితే సగం జవాబు దానంతటదే వేరుపడుతుంది. మేనబావకు రాసే మాట హెడ్‌మాస్టర్ గారికి రాయమన్నా రాయలేం.

వరసల్లో చిక్కు ఎక్కడొచ్చిందంటే, పాత విద్యార్థుల దగ్గర. నా క్లాసులో ముక్కు తుడుచుకుంటూ కూర్చున్న పిల్లవాడు ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. "నువ్వు" అంటే బాగుంటుందా, అతని భార్య కూడా చదువుతుంది కదా అని ఆలోచించాను. చివరికి ఒకటి అనుకున్నాను. అతను నన్ను "మేడం" అని పిలిచి క్లాసు సంగతి ఎత్తితే "నువ్వు" అనే రాయాలి, "మీరు" అంటే అతనే బాధపడతాడు. క్లాసు సంగతి ఎత్తకుండా పెద్దమనిషిలా రాస్తే "మీరు". ఏది మొదలుపెడితే చివరిదాకా అదే ఉండాలి. మొదటి వాక్యంలో "రాశావు", రెండో దాంట్లో "మీకు" అని వస్తే, రెండు చోట్ల నుంచి తెచ్చి అతికించినట్టు కనిపిస్తుంది.

పేర్లు ఇంకో చిక్కు. చాలామంది పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి. Rama అని ఉంటే రమనా, రామానా? Latha సరే, Sudha సరే, Hima అంటే హిమనా, హేమను అలా రాసుకున్నారా? మనిషికి చేరువగా రాయాలని పేరు పెట్టి పిలిచి, ఆ పేరే తప్పు రాస్తే పిలవకపోవడమే నయం. తెలిసినవాళ్లను అడిగి సరిచూసుకున్నాను. తెలియని చోట పేరు తెలుగులో రాయకుండా, ఫేస్‌బుక్‌లో వాళ్ల పేరు ఎలా ఉందో అలాగే ట్యాగ్ చేసి వదిలేశాను.

అన్నిటికంటే కష్టం "సూపర్ మేడం", "చాలా బాగా రాశారు", "అద్భుతం" అనే మాటలకు జవాబివ్వడం. ఎక్కువమంది రాసేవి ఇవే. ఇందులో ఆగిన చోటు లేదు, పట్టుకోవడానికి ముక్క లేదు. ఇలాంటి వాటికి చాలామంది పొడవాటి జవాబులు రాయబోయి "మీ ప్రోత్సాహమే నాకు కొండంత బలం" లాంటి వాక్యాల్లో పడతారు. రెండు మాటల మెచ్చుకోలుకు నాలుగు వాక్యాల కృతజ్ఞత రాస్తే బరువు కుదరదు. నేను వాటిని మూడు రకాలుగా చూశాను. బొమ్మ మాత్రమే పెట్టినవాళ్లకు తిరిగి ఒక గుండె గుర్తు పెడితే చాలు, మాట అక్కర్లేదు. పరిచయం లేకుండా "బాగుంది" అన్నవాళ్లకు "థ్యాంక్సండీ", "సంతోషం సార్" అన్నంత చిన్న జవాబు. చిన్న జవాబులు ఒకదాన్నొకటి పోలి ఉన్నా ఎవరూ తప్పు పట్టరు. పెద్ద పెద్ద మాటలు ఒకదాన్నొకటి పోలితేనే కంటికి గుచ్చుకుంటాయి.

ఇక నాకు తెలిసి కూడా "సూపర్" అని ఊరుకున్నవాళ్లు మూడో రకం. వాళ్ల మాటలో ఏమీ లేకపోయినా, నాకూ వాళ్లకూ మధ్య ఏదో ఒకటి ఉంటుంది. పదో తరగతిలో వ్యాసం రాయమంటే అరపేజీ దాటని ఒక పిల్లవాడు "సూపర్ మేడం, మొత్తం చదివిన" అని రాశాడు. "అరపేజీ వ్యాసం రాసే నువ్వు ఇంత పొడుగు పోస్టు మొత్తం చదివావంటే నాకు నిజంగా సంతోషం. ఇప్పుడు ఏం చేస్తున్నావు?" అని రాశాను. హన్మకొండలో ఎలక్ట్రికల్ షాపు పెట్టుకున్నానని చెప్పాడు. మా ఇంటి మరమ్మతులకు వైరింగ్ సామాను అక్కడే తీసుకున్నాం.

ఒక మాట. జవాబు చివర ప్రశ్న వేస్తే బాగుంటుంది గానీ, ప్రతి జవాబుకూ వేయకూడదు. ప్రశ్న వేశామంటే వాళ్లు సమాధానం రాస్తారు, దానికి మళ్లీ మనం రాయాలి. రాయకుండా వదిలేస్తే మొదట పలకరించింది కూడా ఉత్తుత్తిదే అయిపోతుంది. నిజంగా తెలుసుకోవాలనిపించిన చోటే అడిగాను, అదీ ఒక పూటలో ఇద్దరు ముగ్గురిని మించకుండా.

ఒక అక్క రాసిన మాట మాత్రం చాలాసేపు నన్ను ఆపేసింది. "మా నాయిన పోయినంక ఆయన పంజా ఏడ పడిందో ఎవలకు తెల్వది. మీ ఫోటో చూస్తే ఏడుపాగలే. మంచిగ రాసిండ్రు." చివరి రెండు ముక్కలు మెచ్చుకోలు, మిగతాదంతా దుఃఖం. ఇలాంటి దానికి "ధన్యవాదాలు" అని మొదలుపెడితే ఆమె ఏడుపుకు ధన్యవాదాలు చెప్పినట్టవుతుంది. బాపుకు చదివితే, ఆయన వెంటనే "ఏ వాడోళ్లట? ఎవరి దగ్గర నేసెటోడట?" అని అడిగాడు. అదే రాశాను: "అక్కా, బాపు అడుగుతున్నడు, మీ నాయిన ఏ వాడల నేసెటోడు, ఎవరి దగ్గర?" ఆమె చెప్పింది. బాపు కాసేపు గుర్తు చేసుకొని, ఆయన చారల జంపఖానా నేసేవాడని, చారల అంచు ఎక్కడా వంకర పోనిచ్చేవాడు కాదని చెప్పాడు. రెండో జవాబులో దాన్ని బాపు అన్నట్టే రాశాను. ఆమె దాన్ని తన తమ్ముళ్లకు, పిల్లలకు చూపించానని చెప్పింది. నా పోస్టు బాగుందన్న మాట మళ్లీ మా మధ్య రాలేదు, రావాల్సిన పని కూడా లేదు.

పొగడ్త ఎక్కువైన చోట ఇంకో రకం ఇబ్బంది. "మీరు పుస్తకం రాయాలి" అని చాలామంది అన్నారు. "అయ్యో, నాకంత లేదండీ" అనడం మనకు అలవాటు. ఒకసారి అంటే అణకువ. అందరి కింద అదే ఉంటే, ఇంకోసారి పొగడమని అడుగుతున్నట్టు ఉంటుంది. పైగా మెచ్చుకున్న మనిషి తీర్పును తప్పంటున్నట్టు కూడా ఉంటుంది. అందుకే ఎక్కడా కాదనలేదు. మొదట అన్న రిటైర్డ్ సార్‌కు ఇలా రాశాను: "సార్, మీరంటే ధైర్యం వస్తుంది. బాపు చెప్పేవన్నీ ఇప్పటినుంచి రాసుకుంటున్నాను. ఎంతవరకు వస్తుందో చూస్తాను. ధన్యవాదాలు." తర్వాత అదే మాటన్న మేడం‌కు: "మేడం, పైన సార్ కూడా ఇదే అన్నారు. ఇద్దరూ అన్నాక ఇక తప్పించుకోలేను. రంగుల అద్దకం గురించి ముందు రాద్దామనుకుంటున్నాను, చదివి పెడతారా?" ఆ ఇద్దరికీ పరిచయం లేదు. ఆ తర్వాత వాళ్లు ఒకరికొకరు రాసుకున్నారు. ఒకే మాట చాలామంది అన్నప్పుడు విడివిడిగా అందరికీ కొత్త జవాబు వెతుక్కునే కంటే, ఒకరి మాటను ఇంకొకరికి చూపిస్తే జవాబు తేలిగ్గా వేరవుతుంది, వాళ్లకూ తోడు దొరికినట్టుంటుంది.

మెచ్చుకుంటూనే ఒక మాట కలిపినవాళ్లున్నారు. "వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది కూడా రాస్తే నిండుగా ఉండేది" అన్నారు ఒకాయన. ఆయన చెప్పింది నిజమే. అలాంటి చోట సాకులు చెప్పకూడదు, ఊరికే తలూపకూడదు. "అవును సార్. ఇది బాపు చేతి గురించి రాసింది కాబట్టి గుర్తింపు దాకా పోలేదు. మీరు ఇక్కడ రాశారు కాబట్టి చదివేవాళ్లకు ఆ సంగతి కూడా తెలుస్తుంది, థ్యాంక్యూ." ఆయన కలిపిన మాటకే ఆ థ్యాంక్యూ. అది ఆయనకు తెలియాలి.

ఆజంజాహి మిల్లులో తాత పనిచేశాడని ఒకమ్మాయి రాసింది. వరంగల్‌లోని ఆ బట్టల మిల్లు 1934లో నిజాం కాలంలో పెట్టింది, ఇప్పుడు లేదు. ఆమె బెంగళూరులో ఉంటుంది, మిల్లును చూసిన గుర్తు లేదు. ఆమెకు నేనేం రాయాలో తోచలేదు. బాపును అడిగితే, తన చిన్నప్పుడు ఇంట్లో గడియారం లేదని, మిల్లు సైరన్ మోగితే మా నాయనమ్మ పొయ్యి మీద అన్నం పెట్టేదని చెప్పాడు. "మీ తాత మిల్లు సైరన్‌కు మా నాయనమ్మ పొయ్యి ముట్టించేదట అమ్మా" అని రాశాను. ఒక్క వాక్యం. అది ఆమెకు తప్ప ఇంకెవరికీ రాయలేని జవాబు.

మెచ్చుకోలుతో పాటు రాజకీయం కలిపినవాళ్లు కొందరు. చాలా బాగా రాశారు అని మొదలుపెట్టి, మగ్గాలు పడిపోవడానికి ఫలానా పార్టీ కారణం అని ముగించారు. అక్కడ మొదటి సగానికే జవాబు రాశాను. రెండో సగాన్ని ముట్టుకుంటే బాపు పంజా పక్కకు పోయి, దాని చుట్టూ కొట్లాట మొదలవుతుంది.

కొందరు "మాకూ ఒకటి నేయించి పెట్టండి" అని అడిగారు. బాపు నేయడం మానేశాడని, మంచి చేత్తో నేసేవాళ్లు కొత్తవాడలో ఇంకా ఉన్నారని, నేరుగా వచ్చి సహకార సంఘంలో అడిగితే దొరుకుతాయని చెప్పాను. జంపఖానాకు రెండు వైపులా ఒకేలా నేత ఉంటుందని, కొనేటప్పుడు తిరగేసి చూసుకోమని బాపు చెప్పమన్నాడు, అదీ రాశాను. కొనాలనుకున్న మనిషికి థ్యాంక్స్ కంటే అది పనికొస్తుంది.

ఇన్ని రాస్తుంటే ఒక దశలో చెయ్యి దానంతటదే పోవడం మొదలవుతుంది. దాన్ని ఎలా పసిగట్టాలో చెబుతాను. ఎదుటివాళ్లు రాసింది వదిలేసి, నా జవాబులు మాత్రమే వరుసగా పైకి చదువుకున్నాను. మన భాషలో క్రియ చివర వస్తుంది కాబట్టి, పునరుక్తి వాక్యం మొదట్లో కంటే తోకలో ఎక్కువ వినిపిస్తుంది. "సంతోషంగా ఉంది", "ఆనందంగా ఉంది", "బలాన్నిచ్చింది", "గుర్తొచ్చింది". మొదట పేర్లు, వరసలు వేరువేరుగా ఉండటంతో కంటికి అన్నీ కొత్తగానే కనిపిస్తాయి. పైకి చదివితే మాత్రం ప్రతి వాక్యమూ ఒకే చోట దిగినట్టు చెవికి తెలుస్తుంది. అలా దిగుతున్నాయనిపిస్తే ఆ పూటకు ఫోన్ పక్కన పెట్టేశాను. మళ్లీ రేపు, మళ్లీ బాపుకు చదివాకే. రెండు మూడు రోజులు ఆలస్యమైతే ఎవరూ ఏమీ అనుకోరు. ఆలస్యంగా వచ్చిన సొంత మాట, వెంటనే వచ్చిన అచ్చు మాట కంటే బాగానే అందుతుంది.

ఇంకో పరీక్ష ఉంది. ఇద్దరి జవాబులను తారుమారు చేసి చూడాలి. మార్చినా ఎవరికీ తేడా తెలియకపోతే, ఆ రెండూ మళ్లీ రాయాలి. నోట్‌బుక్ చిత్తులో మా లెక్కల టీచర్‌కు "మీ మాటలు ఎంతో ప్రోత్సాహాన్నిచ్చాయి మేడం" అని, పక్క ఊరి సైన్స్ సార్‌కు "మీ అభిమానానికి కృతజ్ఞతలు సార్" అని ఉన్నాయి. సార్ తీసి మేడం పెడితే చాలు, అటుదిటు ఇటుదటు అయిపోతాయి. అప్పుడు వాళ్లు రాసింది మళ్లీ చూశాను. లెక్కల టీచర్ "చివరి పేరా దగ్గర ఆగి మళ్లీ మొదటినుంచి చదివాను" అని రాసింది. సైన్స్ సార్ "పంజా పళ్లు అంత సన్నగా అరగడానికి ఎన్నేళ్లు పట్టి ఉంటుందో" అని రాశారు. మేడం‌కు ఇలా మార్చాను: "చివరి పేరా ఉంచాలా తీసేయాలా అని ఆ రాత్రి చాలాసేపు ఊగిసలాడాను మేడం. మీరు అక్కడే ఆగారంటే ఉంచడమే మంచిదైంది. థ్యాంక్యూ." సార్‌కు: "పళ్లు అరిగితే మళ్లీ సాగదీయించుకొని వాడేవాడట సార్. ఇది ఎన్నోసారి సాగదీసిందో బాపుకే గుర్తు లేదు. మీరు అడిగారని చెబితే పంజా తెచ్చి మళ్లీ చూసుకున్నాడు. ధన్యవాదాలు." ఇప్పుడు వాటిని తారుమారు చేస్తే అర్థమే ఉండదు.

రాతతో పని కానివి కొన్ని ఉన్నాయి. కరీంనగర్‌లో ఉండే మా పెద్దమ్మకు చదువు రాదు. మనవడు చదివి వినిపిస్తే, వాట్సాప్‌లో వాయిస్ పంపింది. దానికి టైపు చేసి పంపితే మళ్లీ ఆ మనవడే చదవాలి. ఫోన్ చేశాను. నా దగ్గర నుంచి బాపు ఫోన్ తీసుకొని మాట్లాడాడు. భివండి నుంచి వచ్చిన వాయిస్‌లకూ అంతే, బాపు గొంతుతోనే జవాబు పంపాను. ఆయన "ఆఁ, మంచిదే, మీరందరు మంచిగున్నరా?" అని అడిగాడు, అంతే. వాళ్లకు అదే కావాలి.

ఒకరిద్దరికి జవాబు దొరకక చివరిదాకా ఖాళీగా ఉండిపోయింది. వాళ్లు గొప్పగా రాశారు, ఆగిన చోటు కూడా చెప్పారు, అయినా నా దగ్గర కలపడానికి ఏమీ లేదు. అలాంటప్పుడు లేని వివరం అల్లకూడదు. బాపు అనని మాట అన్నాడని రాయడం నాకు అసలే ఇష్టం లేదు. "మీరు రాసింది రెండుసార్లు చదివాను సార్, బాపుకూ చదివాను. ధన్యవాదాలు" అని ఉన్నదున్నట్టు రాశాను. ఎవరికైనా చెప్పగలిగిన వాక్యమే, కానీ వాళ్లకు అది నిజం. ఇంకెక్కడా దాన్ని వాడలేదు.

ఇష్టం గుర్తు నొక్కి ఊరుకున్నవాళ్లకు, పేరు పేరునా రాయలేని వాళ్లకు, అందరి జవాబులూ అయ్యాక ఒకే ఒక్క కామెంట్ పెట్టాను. అందులో ఎవరినీ ట్యాగ్ చేయలేదు. పేర్ల చాంతాడు పెడితే ఒక్క పేరు జారినా ఆ మనిషికి కష్టంగా ఉంటుంది. "బాపు ఇవన్నీ విన్నాడు" అన్నదే అందులో ముఖ్యమైన వాక్యం.

ఇప్పటికీ అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఆ పోస్టు కింద రాస్తూనే ఉన్నారు. మొన్న ఒకాయన ఫోటోలో మగ్గం గుంతకు పక్కన ఉన్న నీలం జంపఖానా ముక్క బాగుందని, అది ఎవరు నేశారని అడిగాడు. నేనూ అది బాపుదే అనుకున్నాను. అడిగితే, అది అమ్మ నేసిందని చెప్పాడు. బాపు జ్వరంతో పడుకున్న రోజుల్లో సగం మిగిలిన పడుగు మీద అమ్మ కూర్చొని పూర్తి చేసిందట. ఆయనకు అదే రాసి, అమ్మకు చూపించాను. "నా పేరు గూడ రాసినవా?" అని అడిగింది. రాశాను.